పెళ్లెప్పుడు, విశేషమేమైనా ఉందా, ఇల్లెప్పుడు కొంటారు: బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సొంతూరు అనంతపురమో, కడపో, చిత్తూరో అయి, ఉద్యోగం బెంగళూరులో ఉన్నవారు నాలుగైదు గంటల్లో ఊరు చేరగలరు. అందువల్ల ప్రతి పెళ్లికీ, పేరంటానికీ వెళ్లక తప్పదు. వెళ్లిన ప్రతిచోటా బంధువుల నుంచి అవే ప్రశ్నలు వస్తాయి, వాటిని ఎలా ఎదుర్కోవాలన్న సందేహాలు కూడా అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని జీవితంలోని దశల వారీగా ఇక్కడ కూర్చాను. మీకు సంబంధించిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## పెళ్లికి ముందు

మా మేనత్త ప్రతి ఫంక్షన్‌లోనూ నలుగురి ముందు "పప్పన్నం ఎప్పుడు పెడతావు" అని అడుగుతుంది. ఏమని చెప్పాలి?

మీ జవాబులో కారణం ఉండకూడదు, తేదీ కూడా ఉండకూడదు. "ఆఫీసులో ప్రాజెక్టు ఉంది అత్తా" అన్నారంటే, "ఉద్యోగాలు చేస్తూ మేం పెళ్లి చేసుకోలేదా" అన్న మాట వెంటనే వస్తుంది, ఎందుకంటే చెప్పిన ప్రతి కారణం మీద వాదించడానికి వీలుంటుంది. "వచ్చే ఏడాది" అన్నారంటే ఆ మాటను ఏడాది పాటు గుర్తుంచుకుని మళ్లీ అడుగుతారు. "కుదరగానే మొదట మీకే చెబుతాను అత్తా, మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?" అన్న వాక్యంలో గౌరవం ఉంది, వాదించడానికి మాత్రం ఏమీ లేదు. ప్రతిసారీ, ప్రతి ఒక్కరికీ అదే వాక్యం అదే స్వరంతో చెప్పడం ముఖ్యం. పిన్నికి ఒక మాట, పెద్దమ్మకు ఒక మాట చెబితే, వాళ్లిద్దరూ కలిసినప్పుడు ఆ తేడాయే కొత్త చర్చ అవుతుంది.

బంధువులకు నేను జవాబు చెప్పుకోగలను. కానీ "నలుగురూ అడుగుతున్నారు" అంటూ మా అమ్మే రోజూ ఫోన్‌లో బాధపడుతోంది. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి?

మీరు పండక్కి వెళ్లినప్పుడు మాత్రమే ఆ ప్రశ్నను ఎదుర్కొంటారు. మీ అమ్మగారు అక్కడే ఉంటారు కాబట్టి గుడిలో, వీధిలో, తోడికోడళ్ల మధ్య దాన్ని తరచుగా ఎదుర్కొంటారు. చాలాసార్లు ఆమె బాధ మీ పెళ్లి ఆలస్యం గురించి కన్నా, అడిగినవాళ్లకు చెప్పడానికి తన దగ్గర మాట లేకపోవడం గురించే. కాబట్టి "వాళ్లను పట్టించుకోకు" అని కొట్టిపారేయకుండా, "ఎవరు అడిగారమ్మా, నువ్వేమన్నావు?" అని కుదురుగా వినండి. తర్వాత ఆమె చెప్పగలిగే ఒక వాక్యాన్ని ఇద్దరూ కలిసి తయారు చేసుకోండి. "చూస్తున్నాం వదినా, వాడి ఇష్టం కూడా కుదరాలి కదా" వంటి మాట ఆమె నోట సహజంగా వస్తుంది. "అది వాడి వ్యక్తిగత విషయం" వంటి మాటను ఆమె ఎవరి ముందూ అనలేరు.

బంధువులకు చెప్పని నిజం ఆమెకు మాత్రం చెప్పాలి. ఇప్పుడే వద్దనుకుంటున్నారా, చేసుకోవాలని ఉన్నా మనసుకు నచ్చినవాళ్లు దొరకలేదా, ఇప్పటికే ఒకరిని ఇష్టపడ్డారా అన్నది తెలియని తల్లి, మీ మౌనంలో అన్నిటికన్నా భయంకరమైన కారణాన్నే ఊహించుకుంటుంది. సంక్రాంతి వెళ్లి మాఘం వస్తోందంటే, ఆషాఢం ముగిసి శ్రావణం వస్తోందంటే ముహూర్తాల మాట మొదలై ఇంట్లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ సమయం రాకముందే మీరే చొరవ తీసుకుని మాట్లాడితే మిగతా నెలలు తేలికగా గడుస్తాయి. సంబంధాల గురించి నెలకు ఒక ఫోన్ అని కేటాయించుకుని, మిగతా ఫోన్లలో ఆ ఊసు వద్దని ప్రేమగా అడిగితే చాలామంది తల్లులు ఒప్పుకుంటారు, కాకపోతే నెలకొకసారి ఆ ఫోన్ మీరే చేయాలి. మీరు ఫోన్లు ఎత్తడం మానేస్తే ఆమె మాట బాబాయి నోటా, అన్నయ్య నోటా రావడం మొదలవుతుంది. ఇంతకుముందెప్పుడూ ఈ విషయం ఎత్తని మనిషి హఠాత్తుగా ఫోన్ చేసి సలహా ఇస్తున్నాడంటే, ఇంట్లో మీతో నేరుగా మాట్లాడే దారి మూసుకుపోయిందని అర్థం చేసుకోండి.

"30 దాటితే ఇంక సంబంధాలు రావు" అని భయపెడుతున్నారు. ఇందులో నిజం ఎంత?

ఈ మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. బంధువుల ద్వారా వచ్చే సంబంధాలు తగ్గడం నిజమే, ఎందుకంటే వాళ్లకు తెలిసిన కుటుంబాల్లో మీ ఈడు పిల్లల పెళ్లిళ్లు అప్పటికే అయిపోయి ఉంటాయి. అయితే మ్యారేజ్ బ్యూరోలు, స్నేహితులు, ఆఫీసు పరిచయాల ద్వారా వచ్చేవాటికి ఆ పరిమితి లేదు. రెండోది పిల్లల సంగతి. స్త్రీలలో గర్భధారణ సామర్థ్యం 30ల మొదట్లో నెమ్మదిగానూ, 35 దాటాక వేగంగానూ తగ్గుతుంది, పురుషుల వయసు ప్రభావం కూడా 40 తర్వాత కొంత కనిపిస్తుంది. కాబట్టి 29 ఏళ్ల అమ్మాయికి కాలం మించిపోయిందనడం తప్పు, వయసుతో పనే లేదనడం కూడా తప్పే. అన్నవారికి "మీ ఎరుకలో మంచి సంబంధం ఉంటే బయోడేటా నాన్నకు పంపండి పిన్నీ" అని చెప్పి చూడండి. నిజంగా సాయం చేయాలనుకున్నవారు పంపుతారు, మిగిలినవారు ఆ మాట తగ్గిస్తారు.

"మేనమామ కూతురుండగా బయటి సంబంధాలెందుకు" అంటున్నారు. ఆ అమ్మాయిని నేను చెల్లెలిలా చూశాను. బంధుత్వం చెడకుండా ఎలా వద్దనాలి?

హిందూ వివాహ చట్టం దగ్గరి బంధువుల పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం ఉన్న చోట మినహాయింపు ఇచ్చింది కాబట్టి, మన ప్రాంతంలో మేనరికానికి చట్టం అడ్డు రాదు. ఆరోగ్యం మాట వేరు. మేనమామ పిల్లలకూ మేనత్త పిల్లలకూ మధ్య సుమారు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. పుట్టుకతో వచ్చే తీవ్రమైన లోపాలు ఏ దంపతుల పిల్లల్లోనైనా నూటికి ఇద్దరు ముగ్గురిలో కనిపిస్తాయనుకుంటే, మేనరికంలో అది దాదాపు రెట్టింపవుతుంది. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు కాబట్టి, "మేం చేసుకోలేదా, మా పిల్లలు బాగాలేరా" అన్న పెద్దల మాట కూడా వాళ్ల అనుభవంలో నిజమే.

అందుకే జన్యువుల వాదనను ముందుకు తేకండి. అలాంటి పెళ్లిళ్లు చేసుకున్నవారందరినీ తప్పుపట్టినట్లు అవుతుంది. "తనను చిన్నప్పటి నుంచీ చెల్లెలిగా చూశాను మామయ్యా, ఆ భావం మార్చుకోలేను" అని మేనమామకు మీరే, ఏకాంతంగా, ఎదుట కూర్చుని చెప్పండి. మధ్యవర్తి చేత చెప్పిస్తే అమ్మాయిని కాదన్నారన్న మాట మిగిలిపోతుంది. ఆలస్యం చేస్తే, మీ కోసం ఆ ఇంట్లో వేరే సంబంధాలు ఆపుకుని కూర్చునే ప్రమాదం ఉంది.

నాకు అసలు పెళ్లే వద్దు. అందరికీ ప్రకటించాలా?

అమ్మానాన్నలకు స్పష్టంగా చెప్పండి, వాళ్లు జాతకాలు పట్టుకుని తిరుగుతూ ఉండటం న్యాయం కాదు. మిగతావారికి "ఆ ఆలోచన లేదండీ" అన్న మాట చాలు.

## పెళ్లయ్యాక, పిల్లలకు ముందు

పెళ్లయి ఏడాది అయింది. అత్తగారి వైపు అందరూ "విశేషమేమైనా ఉందా" అని నన్నే అడుగుతున్నారు. నేనే జవాబు చెప్పాలా?

ఎవరి బంధువులకు వారే జవాబు చెప్పాలన్నది ఈ విషయంలో అన్నిటికన్నా బాగా పనిచేసే ఏర్పాటు. "ఇంకా అనుకోలేదు" అన్న ఒకే మాటను కోడలు అంటే పొగరుగానూ, కొడుకు అంటే నిర్ణయంగానూ వింటారు. ఈ తేడా అన్యాయమే అయినా, ఇప్పటికి ఉన్నది ఇదే. కాబట్టి మీ ఆయన తన తల్లికీ, ఆడపడుచులకూ ముందుగానే, "పిల్లల గురించి మేమిద్దరం మాట్లాడుకున్నాం, సమయం వచ్చినప్పుడు నేనే చెబుతాను, ఆమెను అడగొద్దు" అని చెప్పాలి. అలా చెప్పి ఉన్నప్పుడు, నేరుగా మిమ్మల్ని అడిగినవారికి మీరు నవ్వి "ఆయన చెబుతారు అత్తయ్యా" అంటే సరిపోతుంది. మీ పుట్టింటి వైపు ఇదే పని మీరు చేయాలి, అల్లుడిని పక్కకు పిలిచి సలహాలిచ్చే మామలూ బావమరుదులూ మన ఇళ్లలో తక్కువేమీ కాదు.

"మా అమ్మ మాట అలాగే ఉంటుంది, పట్టించుకోకు" అంటారు మా ఆయన. ఆయనకు ఎలా అర్థం చేయించాలి?

"మీ అమ్మ ఎప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే ఆయన తల్లిని సమర్థించుకోవడంలో పడిపోతారు. ఒక్క సంఘటననే తీసుకోండి. "ఆదివారం వంటింట్లో మీ పెద్దమ్మ ముందు, నా తర్వాత పెళ్లయినవాళ్లకు పిల్లలు పుట్టారన్నారు, మీరు పక్కగదిలో విన్నారు, ఏమీ అనలేదు" అని జరిగింది జరిగినట్లు చెప్పి, ఆయన చేయగలిగిన ఒకే ఒక్క పని అడగండి. నలుగురి ముందు తల్లిని ఎదిరించమని అడగకూడదు, అది ఆయన చేయలేరు, చేసినా ఆ నెపం మీ మీదికే వస్తుంది. ఆ రోజే సాయంత్రం ఆమెతో ఒంటరిగా మాట్లాడమని అడగడం సాధ్యమైన కోరిక. చాలామంది భర్తలు నిర్లక్ష్యం వల్ల కాక, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంటారు కాబట్టి, ఆ వాక్యాన్ని ఇద్దరూ కలిసి అనుకోవడం మంచిది.

మూడు నెలలకే డాక్టరుకు చూపించుకోమంటున్నారు. నిజంగా ఎప్పుడు వెళ్లాలి?

పిల్లలు కావాలనుకుని, ఏ గర్భనిరోధక పద్ధతీ లేకుండా కలిసి ఉంటూ 12 నెలలు గడిచినా గర్భం రాకపోతే పరీక్షలు మొదలుపెట్టాలి. భార్య వయసు 35 లేదా అంతకు మించి ఉంటే ఆరు నెలలకే వెళ్లాలి. నెలసరి సరిగా రాకపోయినా, ఇద్దరిలో ఎవరికైనా ఇదివరకే తెలిసిన సమస్య ఉన్నా అంతవరకూ ఆగనవసరం లేదు. ఈ లెక్క పెళ్లి తేదీ నుంచి కాదు, ప్రయత్నం మొదలుపెట్టిన నెల నుంచి. ఒకరు బెంగళూరులో, మరొకరు హైదరాబాదులో ఉంటూ వారాంతాల్లో మాత్రమే కలిసే దంపతుల విషయంలో ఆ నెలలను అలాగే లెక్కించలేమని డాక్టరుకు ముందే చెప్పండి.

ఘాటి సుబ్రహ్మణ్యంలో నాగప్రతిష్ఠ చేయించమని మా జేజి పట్టుబడుతోంది. మాకు అంత నమ్మకం లేదు. వెళ్లాలా?

దొడ్డబళ్లాపురం దగ్గరి ఘాటి సుబ్రహ్మణ్య క్షేత్రం బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్లే, ఉదయం వెళ్లి సాయంత్రానికి రావచ్చు. పెద్దావిడకు శాంతి కలుగుతుందనుకుంటే, మీకు అభ్యంతరం లేకపోతే వెళ్లిరండి. అయితే రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం. పూజ ఫలితం చూసే వరకు వైద్యం ఆపమంటే ఒప్పుకోకండి. దోషం కోడలి జాతకంలోనే ఉందన్న మాట మొదలైతే, ఆ పూజ ఆమెను తప్పుపట్టే సాధనంగా మారుతోందని గుర్తించి, "ఇద్దరి పేరునా చేయిస్తేనే వస్తాం" అని భర్త చెప్పాలి.

## వైద్యం నడుస్తున్నప్పుడు

లోపం మా ఆయనలో ఉందని పరీక్షల్లో తెలిసింది. బంధువులు మాత్రం నన్నే అంటున్నారు. నిజం చెప్పేయాలా?

పిల్లలు కలగని దంపతుల్లో దాదాపు సగం మంది విషయంలో పురుషుడి వైపు కారణం ఒంటరిగానో, భార్య వైపు కారణంతో కలిసో ఉంటుంది. అయినా మన ఇళ్లలో మందులు మింగేది, ఉపవాసాలుండేది, మాటలు పడేది ఆడవాళ్లే. మారతహళ్లిలో ఉండే ఒక జంట సంగతి వివరంగా చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆయనకు 33, ఆమెకు 31, ప్రయత్నం మొదలై ఏడాదిన్నర అయింది. ఆమెకు థైరాయిడ్, స్కానింగ్, ట్యూబుల పరీక్ష అన్నీ అయ్యాక, చివరిగా ఆయనకు వీర్య పరీక్ష చేస్తే కణాల సంఖ్య తక్కువని వచ్చింది. నిజానికి అది రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత చేసే తేలికైన పరీక్ష, మొదట చేయవలసిన వాటిలో ఒకటి. వీర్యకణాలు తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మూడు నెలల తర్వాత పరీక్ష మళ్లీ చేస్తామని డాక్టరు చెప్పారు. ఆ మూడు నెలల్లోనే దసరా వచ్చింది. ఊరికి వెళ్తే అత్తగారు ఎదురుచూస్తున్నట్లుగా నాటుమందు తెచ్చి కోడలి చేతిలో పెట్టారు.

ఆమె నిజం చెప్పేయాలనుకుంది, ఆయన తండ్రికి తెలిస్తే తలెత్తుకోలేనన్నాడు. ఇద్దరి బాధా న్యాయమైనదే. చివరికి వాళ్లు చెప్పవలసిన విషయాన్ని మూడు ముక్కలు చేసుకున్నారు. వైద్యం నడుస్తోందన్నది రెండు వైపుల తల్లిదండ్రులకూ చెప్పాలి. లోపం ఎవరిలో అన్నది ఎవరికీ చెప్పకూడదు, కానీ ఆమెలో ఉందన్న మాటను మాత్రం ఒక్కసారి కూడా ఊరుకుని విననివ్వకూడదు. తేదీలు, ఇంజెక్షన్లు, ఖర్చులు ఎవరికీ అక్కర్లేదు. ఆయన తల్లితో, "ఇద్దరికీ పరీక్షలయ్యాయమ్మా, ఇద్దరికీ మందులున్నాయి, డాక్టరు చెప్పినవి తప్ప వేరే మందు వేసుకోకూడదన్నారు. ఇకనుంచి ఏదైనా అడగాలంటే నన్నే అడుగు" అన్నాడు. నాటుమందు ఆగింది. మాటలు పూర్తిగా ఆగలేదు, పెద్దత్త ఒకావిడ ఇప్పటికీ అంటూనే ఉంది, కానీ అత్తగారే ఆవిడకు అడ్డుపడటం మొదలుపెట్టారు.

నా అభిప్రాయంలో భర్త తన పరీక్ష ఫలితాన్ని దాచుకునే హక్కు ఉన్నవాడే, ఆ దాపరికం భారం భార్య మోయవలసి వస్తే మాత్రం ఆ హక్కు పోతుంది. "ఇద్దరికీ" అన్న మాట అనడానికి కూడా ఆయన సిద్ధంగా లేకపోతే, కౌన్సిలర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లవలసిన సమయం అదే. ఆసుపత్రి నుంచి వివరాలు బయటికి వస్తాయని భయపడనక్కర్లేదు, ఐవీఎఫ్ వంటి పద్ధతులకు సంబంధించిన 2021 నాటి చట్టం దంపతుల సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని క్లినిక్‌లను ఆదేశిస్తోంది.

ఆడపడుచు సీమంతానికి పిలిచారు. వెళ్తే మాటలు, వెళ్లకపోతే నింద. ఏం చేయాలి?

వెళ్లాలా వద్దా అన్నదానికన్నా ఎంతసేపు ఉండాలన్నది ఆలోచించండి. ముందురోజు ఆడపడుచు ఇంటికి వెళ్లి, చీర పెట్టి, ఆప్యాయంగా మాట్లాడి వస్తే, వేడుక రోజు కొద్దిసేపే ఉన్నా నింద రాదు. పిల్లలు లేనివాళ్లు గాజులు తొడగకూడదనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మీ ఇంట్లో ఆ పట్టింపు ఉందేమో భర్త ముందుగానే కనుక్కోవాలి. ఉంటే ఆ వరుస మొదలయ్యేలోపు బయల్దేరండి. వెళ్లి నలుగురి ముందు ఆ అవమానం పడనక్కర్లేదు.

రెండో నెలలో గర్భం పోయింది. తెలిసినవాళ్లు "బస్సు ప్రయాణం వల్లే", "బొప్పాయి తిన్నందుకే" అంటున్నారు.

తెలిసిన గర్భాలలో నూటికి 10 నుంచి 20 వరకు నిలవవు, వాటిలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతాయి. అప్పుడు చాలాసార్లు కారణం పిండంలోని క్రోమోజోముల లోపమే, దాన్ని తల్లి ఏ జాగ్రత్తతోనూ ఆపగలిగేది కాదు. ఆఫీసుకు వెళ్లడం వల్ల గానీ, మామూలు ప్రయాణం వల్ల గానీ అలా జరగదు. ఈ మాట డాక్టరు నోట అత్తగారూ అమ్మా వినేలా, తర్వాతి సందర్శనకు వాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి. మీరు చెబితే సాకు అనిపించేది, డాక్టరు చెబితే నిజంగా వింటారు.

## ఒక బిడ్డ తర్వాత

పాపకు ఏడాది నిండకుండానే "వెంటనే తమ్ముణ్ణి ఇచ్చేయండి" అంటున్నారు.

ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. సిజేరియన్ అయినవారు డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి. "డాక్టరు రెండేళ్లు ఆగమన్నారు" అన్న మాటకు సాధారణంగా ఎదురు రాదు.

"తమ్ముడే" అన్న మాట వేరు. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము మీద ఆధారపడుతుంది. తెలిసిన స్కానింగ్ సెంటరు ఉందని ఎవరైనా చెవిలో చెబితే, 1994 నాటి చట్టం ప్రకారం లింగ నిర్ధారణ నేరమని, అడిగించినవారికీ శిక్ష ఉంటుందని అక్కడే, అందరికీ వినపడేలా చెప్పండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దు.

## స్థిరపడటం

"ఇన్నేళ్లుగా బెంగళూరులో అద్దెలు కడుతున్నారు, ఇంకా సెటిల్ కాలేదా" అంటారు మా బాబాయి.

వాళ్ల కాలంలో స్థలం కొని, కొద్దికొద్దిగా ఇల్లు కట్టుకున్నారు కాబట్టి అద్దె వాళ్లకు వృథాగా కనిపిస్తుంది. అంకెలతో చెబితే పెద్దవాళ్లకు అర్థమవుతుంది. కోటి రూపాయల ఫ్లాటుకు బ్యాంకు అప్పు సుమారు 75 లక్షల వరకే వస్తుంది. మిగిలిన పాతిక లక్షలు, స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు చేతిలో ఉండాలి. "పాతిక, ముప్పై లక్షలు పోగయ్యాక చూస్తాం బాబాయ్" అంటే ఆయన లెక్కలోకి దిగుతారు, ఎత్తిపొడుపు తగ్గుతుంది. మీ జీతం మాత్రం చెప్పకండి, చెబితే ఎంత దాచారన్న ప్రశ్న వచ్చి తీరుతుంది.

## మాటలు హద్దు దాటినప్పుడు

గొడ్రాలని తిడుతున్నారు, రెండో పెళ్లి చేస్తామంటున్నారు. ఇది కూడా సర్దుకుపోవలసిందేనా?

కాదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టంలోని మూడో సెక్షన్, పిల్లలు లేరనో మగపిల్లవాడు లేడనో అవమానించడాన్ని, ఎగతాళి చేయడాన్ని మాటల ద్వారా, మానసికంగా చేసే హింసగా పేరు పెట్టి మరీ చెబుతోంది. భార్య బతికి ఉండగా, విడాకులు లేకుండా చేసే రెండో పెళ్లి హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు, అది నేరం కూడా. ఏ రోజు, ఎవరు, ఎవరి ముందు ఏమన్నారో రాసిపెట్టుకోండి, వాట్సాప్‌లో వచ్చినవి చెరిపేయకండి, పుట్టింటివారిలో ఒకరికైనా అంతా చెప్పండి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే రక్షణ అధికారిని ఎలా కలవాలో చెబుతారు. ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన కాపురం తెంచుకున్నట్లు కాదు, ఆ హింసను ఆపమని కోర్టు చేత ఉత్తర్వు ఇప్పించుకోవడానికీ ఈ చట్టంలో వీలుంది.

ఊరి నుంచి ఫోన్ వస్తే చాలు గుండె దడ వస్తోంది, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంత చిన్న విషయానికి డాక్టరు దగ్గరికి వెళ్లాలా?

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస దెబ్బతిన్నాయంటే అది చిన్న విషయం కాదు, వెళ్లాలి. ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకుంటే బెంగళూరులోనే హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఫోన్ చేయండి, ఇంట్లో ఒంటరిగా ఉండకండి.